ఎడమచేతి రెండు వేళ్ల సంగతి

మా మామయ్యకు పేర్లు పెట్టే సరదా ఎక్కువ. చుట్టాల్లో పిల్లలు పుడితే ఆయన్ను ఎవరూ అడగరు. అందుకని రోగాలకు పెట్టుకుంటాడు. సెలూన్‌లో కుర్చీ ఎక్కిన మనిషి ఒక్కసారి దగ్గితే చాలు, కత్తెర ఆపకుండానే ఆ దగ్గుకు ఒక పేరు, ఆ పేరుకు ఒక మందు, ఆ మందు వాడి బతికి బయటపడ్డ ఎవరో ముసలాయన కథ చెప్పేస్తాడు. ఇంతకాలం అది వచ్చినవాళ్లకు కాలక్షేపం. మొన్న మంగళవారం మాత్రం మా నాన్న చేతులకు పేరు పెట్టాడు. షాపు నిండా జనం ఉండగా, గొంతు తగ్గించకుండా.

"గజ్జి బావా ఇది! గజ్జి కాకపోతే నా పేరు మార్చేసుకుంటా."

షాపు మామయ్యది. అందులో రెండో కుర్చీ ఇరవై రెండేళ్లుగా మా నాన్నది. అప్పుడు ఆ కుర్చీలో ఉన్నది బ్యాంకులో పనిచేసే ఒకాయన. ఒక చెంప గీయడం అయింది, రెండో చెంప మీద నురగ ఉంది. గజ్జి అన్న మాట చెవిన పడగానే ఆయన మెడలో గుడ్డతో సహా లేచి నిలబడ్డాడు. మామయ్య ఆయన చెయ్యి పట్టుకుని తన కుర్చీలో కూర్చోబెట్టి, "మీరేం భయపడకండి సార్, నేను చూసుకుంటా" అని మిగతా సగం గడ్డం తనే గీశాడు. భయం పెట్టిందీ ఆయనే, ధైర్యం చెప్పిందీ ఆయనే. సాయంత్రానికి తీర్పు కూడా ఆయనే చెప్పాడు.

"సోమవారం నుంచి ఆ కుర్చీకి కొత్త మనిషిని మాట్లాడాను బావా. నువ్వు తప్పుగా అనుకోకు. అంటుకునేది కాదని డాక్టర్ చేత రాయించుకుని రా, అప్పుడు చూద్దాం. నోటిమాట పనికిరాదు, కాగితం కావాలి."

తను మాత్రం నోటిమాటతోనే పని కానిచ్చాడు. దానికి ఏ కాగితమూ అక్కర్లేకపోయింది.

నాన్న ఇంటికి వచ్చి చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మ కంచం తెచ్చినా జేబుల్లోంచి తియ్యలేదు.

"మా అన్నయ్య ఊరికే అనడు. ఏదో ఉండబట్టే అన్నాడు" అంది అమ్మ.

"ఏదో ఉందని నాకూ తెలుసు. ఆ ఏదో ఏంటన్నదే కదా గొడవ" అన్నాన్నేను.

"డిగ్రీ చదివావుగా, నువ్వే చెప్పు మరి."

ఇది మా ఇంట్లో నాకు రోజూ ఉండేదే. మా వంశంలో కాలేజీ మెట్లెక్కినదాన్ని నేనొక్కదాన్నే. కాబట్టి కరెంటు బిల్లు ఎక్కువొచ్చినా, ఫోను పనిచేయకపోయినా, పక్కింటావిడకు కాలు వాచినా నేనే చెప్పాలి. నేను చదివింది జంతుశాస్త్రం. కాలేజీలో నేను కోసింది కప్పని, మా నాన్నని కాదు. ప్రస్తుతం ఒక స్కూల్లో ల్యాబ్ అసిస్టెంటుగా గాజు గొట్టాలు కడుగుతున్నాను. ఇదంతా చెప్తే, "అంత చదువూ చదివి ఇంతేనా" అంటారు. చెప్పకపోతే, "దాస్తోంది" అంటారు.

ఇంతకుముందే ఇంకో పేరు పెట్టినవాడు ఉన్నాడు. మా వీధి చివర మందుల షాపాయన. వీధంతా ఆయన్ను సగం డాక్టరు అంటుంది. ఆయన అది పొగడ్త అనుకుంటాడు. మూడు వారాల కిందట నాన్న వేళ్లు గరుకుగా అవుతున్నాయని చూపిస్తే, కౌంటరు అవతలి నుంచే, కళ్లజోడు కూడా పెట్టుకోకుండా, "తామర. ఇది రాయి" అని ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. రాస్తే మూడు రోజులు తగ్గింది. మానేస్తే నాలుగో రోజుకు ముందుకంటే ఎక్కువైంది. మళ్లీ వెళ్తే అదే ట్యూబు పెద్ద సైజుది ఇచ్చాడు. జబ్బు పెరిగితే ట్యూబు పెరగాలి, అంతే ఆయన శాస్త్రం.

మా ప్రాంతంలో చర్మం డాక్టరు ఒక్కరే. ఆవిడ మా దగ్గరి క్లినిక్‌లో గురువారం ఒక్కరోజు కూర్చుంటుంది. రద్దీ ఎక్కువని వాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ముందు ఫోటోలు, వివరాలు క్లినిక్ నంబరుకు పంపాలి. నర్సు చూసి, ఎవరికి తొందరో ఎవరు ఆగొచ్చో విడదీసి టైము ఇస్తుంది. మంగళవారం రాత్రి నేను పంపుతానంటే మామయ్య ఒప్పుకోలేదు.

"ఫోటోలు తియ్యడం నీకేం తెలుసమ్మాయ్? మా షాపులో పెళ్లికూతుళ్లకే తీస్తాం" అన్నాడు.

నిజమే, తీస్తారు. షాపులో మేకప్ ఫోటోల కోసం ఒక గుండ్రటి లైటు ఉంది. దాని ముందు పెడితే ఏ ముఖమైనా వెన్నముద్దలా కనిపిస్తుంది. మామయ్య నాన్న చేతులు సబ్బుతో కడిగించి, తుడిపించి, పొట్టు లేచి అసహ్యంగా ఉందని పైన ఇంత క్రీము రాయించి, ఆ లైటు కింద పెట్టించి షాపు ఫోన్‌తో తీశాడు. కింద "గజ్జి, అర్జెంట్" అని రాసి పంపేశాడు.

బుధవారం పొద్దున క్లినిక్ నుంచి జవాబు వచ్చింది. వచ్చే నెల మూడో గురువారం రమ్మని.

స్కూలుకు సగం రోజు సెలవు చెప్పి, ఆ నంబరుకు ఫోన్ చేశాను. నర్సు గొంతులో పొద్దుటినుంచీ ఇలాంటివాళ్లతో మాట్లాడిన అలసట ఉంది.

"ఆ గజ్జి ఫోటో మీదేనా అమ్మా? చూశాను. చేతులు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఉంగరాల ప్రకటనకి పంపించండి."

"అది మా మామయ్య తీశారు సిస్టర్."

"ఫోన్‌లో చర్మం నున్నగా చేసేది ఆన్ చేసి తీశారు. ముడతలే లేవు ఆ చేతులకి. ఆ మనిషి వయసెంత?"

"యాభై మూడు."

"ఫోటోలో ఇరవై. అందులో నేనేం చూడాలి చెప్పండి? కనిపించేదేమో చెరిపేశారు, కనిపించనిదానికేమో పేరు పెట్టి రాశారు. మాకు పేరు వద్దమ్మా. పేరు పెట్టడానికి డాక్టర్‌గారున్నారు, జీతం కూడా ఇస్తున్నాం. మీరు పేరు రాస్తే చదివేవాళ్ల కళ్లకి ముందే గంతలు కట్టినట్టే. చూసింది చూసినట్టు రాయండి."

ఎలా తియ్యాలో చెప్పింది. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, ఫ్లాష్ లేకుండా. ఫోన్‌లో నున్నగా చేసేవన్నీ ఆపేసి. ఆ పొద్దుట చేతులకు ఏమీ రాయకుండా. ముందు దూరం నుంచి రెండు చేతులూ పక్కపక్కన, వెనక వైపు ఒకటి, అరచేతుల వైపు ఒకటి. తర్వాత ఎక్కువగా ఉన్నచోట దగ్గరగా, పక్కన స్కేలు పెట్టి. ఎక్కడ మొదలైంది, ఎప్పుడు, ఎలా పాకింది, రంగేంటి, చదునుగా ఉందా ఉబ్బిందా, పొడా తడా, అంచు ఎలా ఉంది, దురదా నొప్పా, జ్వరముందా, ఏం రాశారు, ఆ మనిషి ఏం పని చేస్తాడు.

"పన్నెండు లోపల పంపితే రేపటి జాబితాలో పెట్టాలో వద్దో చూస్తా. పెట్టడం కోసం మాత్రం ఎక్కువ చేసి రాయకండి. నెత్తురు కారుతోంది, కాలిపోతోంది అని రాసేవాళ్లని రోజూ చూస్తా. వచ్చాక చూస్తే చీమ కుట్టి ఉంటుంది" అని పెట్టేసింది.

అప్పటికి పదిన్నర.

నాన్నను కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టాను. చేతులు బయటకు తియ్యమంటే, "ఎందుకమ్మా, మీ మామయ్య తీశాడుగా" అన్నాడు.

"ఆయన తీసింది ఎవరి చేతులో మనకు తెలీదు నాన్నా. నీవి చూపించు."

చూపించాడు. ఫోటోలు తీశాను. తర్వాత కాగితం మీద మొదటి వాక్యం రాశాను. "రెండు చేతుల మీదా ఎర్రటి గుండ్రని మచ్చలు."

రాసి, చేతుల వంక చూశాను. చదివినదాన్నని మామయ్యను వెక్కిరించే ముందు నన్ను నేను వెక్కిరించుకోవాల్సింది ఇక్కడే. ఎరుపు ఎక్కడుంది? ఎక్కడా లేదు. మా నాన్న రంగు మనిషికి ఎర్రటి మచ్చ రాదు. ఉన్నది ముదురు గోధుమ, అక్కడక్కడా కొంచెం ఊదా. గుండ్రం ఎక్కడుంది? అదీ లేదు. అంచులు కలిసిపోయి, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో తెలియకుండా ఉన్నాయి. మచ్చలంటే ఎర్రగా గుండ్రంగా ఉంటాయని ఎక్కడో చదివాను, అది రాసేశాను. కాలేజీలోనూ ఇదే చేశాను. సూక్ష్మదర్శినిలో నాకు ఒక మసక తప్ప ఏమీ కనిపించకపోతే, పుస్తకంలో బొమ్మ చూసి గీసి, పదికి పది మార్కులు తెచ్చుకున్నాను. ఆ పది మార్కులూ ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను కూడా. మామయ్య చదువుకోకుండా చేసే పనే నేను చదువుకుని చేశానన్నమాట.

ఆ వాక్యం కొట్టేశాను. రెండో కాగితం తీసుకుని ఈసారి రాయకుండా, ముందు చూశాను.

అప్పుడు కనిపించింది. రెండు చేతులూ ఒకలా లేవు.

కుడిచేతికి మణికట్టు దగ్గర కొంచెం పొడిబారడం తప్ప పెద్దగా ఏమీ లేదు. బాధంతా ఎడమచేతిది. ఎడమలోనూ అన్ని వేళ్లదీ కాదు. చూపుడువేలు, మధ్యవేలు. ఆ రెండింటిలోనూ ఒకదానికొకటి ఎదురుగా ఉండే పక్కలు, వాటి మధ్య సందు. అక్కడ తోలు మందంగా అయింది, తెల్లటి పొట్టు లేస్తోంది, కణుపుల మీద రెండు సన్నని పగుళ్లు ఉన్నాయి. ఉంగరం వేలికి కొంచెమే. చిటికెన వేలు శుభ్రంగా ఉంది, దానికి ఈ గొడవలతో సంబంధం లేనట్టు.

"నాన్నా, ఈ రెండు వేళ్లతో ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను? అన్నీ చేస్తాను."

"కాదు. ఈ రెండింటితోనే, ఈ చేత్తోనే."

నాన్న కాసేపు చేతిని చూసుకున్నాడు. తర్వాత లేచి నా వెనక్కి వచ్చి, జడ విప్పి, ఒక పాయ తీసి ఎడమచేతి చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య పట్టి లాగాడు. కుడిచేత్తో గాలిలో కత్తెర ఆడించాడు. రోజుకు ఎన్ని వందలసార్లు చేస్తాడో ఆ పని. జుట్టు ఎక్కడ ఒరుసుకుంటోందో, పొట్టు సరిగ్గా అక్కడే ఉంది.

"రంగు వేసేటప్పుడూ ఇంతేనా?"

"ఇంతే. పాయలు తియ్యాలిగా."

"గ్లౌజులు?"

"కుడిచేతికి వేసుకుంటా. బ్రష్షు పట్టేది అదేగా, కారుతుంది. ఎడమచేతికి వేసుకుంటే జుట్టు తెలీదమ్మా. ఎంత పట్టానో, ఎంత తడుందో వేళ్లకి తెలియాలి. గ్లౌజుతో కట్ చేస్తే ఒకవైపు పొట్టి, ఒకవైపు పొడుగు."

నాకు తెలిసిపోయింది! పెద్ద అక్షరాలతో "హెయిర్ డై వల్లే" అని రాయబోయాను. పెన్ను కాగితం మీద ఆనించాను కూడా. మళ్లీ ఆగాను. గజ్జి అన్నవాడికీ తెలిసిపోయింది. తామర అన్నవాడికీ తెలిసిపోయింది. ఇప్పుడు నాకూ తెలిసిపోయింది. ముగ్గురికీ ఒకే ఒక్క పరీక్ష కూడా చెయ్యకుండా తెలిసిపోయింది. కారణం రాయడం కూడా పేరు పెట్టడం లాంటిదే. అందులోనూ షాంపూ ఉంది, గడ్డం సబ్బు ఉంది, గ్లౌజు లోపలి పొడి ఉంది, ఆ ట్యూబు ఉంది. నేను వాటిలో ఏది కాదని చెప్పగలను?

చివరికి పదకొండూ నలభైకి పంపింది ఇది.

"వయసు 53. పని: సెలూన్‌లో కటింగ్, షేవింగ్, జుట్టుకు రంగు వెయ్యడం. కుడిచేతి వాటం. ఏడు వారాల కిందట ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు మధ్య సందులో దురదతో మొదలైంది. మొదట్లో గుండుసూది తలంత నీటిపొక్కులు వచ్చి ఆరిపోయాయని చెప్తున్నారు, నేను చూడలేదు. ఇప్పుడు పొక్కులు లేవు. ఆ రెండు వేళ్ల పక్కలు, సందు, అక్కడి నుంచి చేతి వెనక వైపు సుమారు నాలుగు సెంటీమీటర్ల దాకా ఉంది. రంగు చుట్టూ ఉన్న చర్మం కంటే ముదురు గోధుమ, మధ్యలో కొంచెం ఊదా. తోలు మందంగా, చర్మం గీతలు లోతుగా ఉన్నాయి. తెల్లటి పొడి పొట్టు. కణుపుల మీద రెండు పగుళ్లు, ఒక్కోటి అర సెంటీమీటరు, పిడికిలి బిగిస్తే నెత్తురు చెమ్మ కనిపిస్తోంది. చీము లేదు. అంచు స్పష్టంగా లేదు. ఉంగరం వేలికి కొద్దిగా, చిటికెన వేలికి లేదు. అరచేతుల్లో లేదు. కుడిచేతికి మణికట్టు దగ్గర పొడిబారిన చిన్న పట్టీ మాత్రమే. దురద ఎక్కువ, పగుళ్ల దగ్గర నొప్పి. జ్వరం లేదు. ఇంట్లో మిగతా ఇద్దరికీ దురద లేదు. సెలవు రోజు మర్నాడు కొంచెం తగ్గుతుందని చెప్తున్నారు. రంగు వేసేటప్పుడు గ్లౌజు కుడిచేతికే వేసుకుంటారు. మూడు వారాలుగా ఒక ట్యూబు రాస్తున్నారు, దాని ఫోటో పంపుతున్నాను. రాసినప్పుడు తగ్గి, మానేస్తే పెరుగుతోంది. నిన్న పంపిన ఫోటో చెల్లదు, క్రీము రాసి, నున్నగా చేసే కెమెరాతో తీసింది."

పన్నెండున్నరకు ఫోన్ వచ్చింది.

"రేపు పదకొండూ ఇరవై. చేతి పని చేసే మనిషి, పగుళ్లున్నాయి, పెరుగుతోంది. ఆగే కేసు కాదు. ఆ ట్యూబు తీసుకురండి. ఇప్పటినుంచి రాయొద్దు, అది రాస్తే ఉన్నది మారిపోయి కనిపిస్తుంది. షాపులో చేతికి తగిలేవాటన్నిటి లేబుళ్ల ఫోటోలు తియ్యండి. ఆ గ్లౌజు ఒకటి తెండి."

లేబుళ్ల కోసం నాన్న, నేనూ షాపుకు వెళ్లాం. మామయ్య తన కుర్చీలో తనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"నా సామాన్ల ఫోటోలా? ఎందుకు? నా షాపు మీద కేసు పెడతారా?"

"డాక్టర్‌గారు చూస్తారట మామయ్యా."

"గజ్జికి, నా సీసాలకీ ఏంటే సంబంధం? అన్నీ ఫస్ట్ క్లాసు సరుకు. ముట్టుకోకు."

నేను నోరు తెరిచే లోపల నాన్న అలమర దగ్గరికి వెళ్లాడు. జీవితంలో బావ మాటకు ఎదురు చెప్పని మనిషి, ఒక్కో సీసా తీసి, వెనక్కి తిప్పి, చిన్న అక్షరాలు కనిపించేలా అద్దం ముందు వరసగా పెట్టాడు. "తియ్యమ్మా" అన్నాడు.

"బావా!"

"సీసాలు పారిపోవుగా బావా. ఫోటోనేగా."

గురువారం క్లినిక్‌కి వెళ్లాం. డాక్టరు గది చిన్నది. ఒక దీపం, ఒక బల్ల, చెయ్యి కడుక్కునే సింకు. ఆవిడ నా కాగితం చదివింది, మెచ్చుకోలేదు. చదివాక దాన్ని పక్కన పెట్టి, అసలు చదవనట్టే మొదటినుంచి చేతులు చూసింది. దీపం దగ్గరికి లాగి, భూతద్దం పెట్టి, ప్రతి సందూ, గోళ్ల మొదళ్లూ, మణికట్లూ చూసింది. తర్వాత తలెత్తి నాన్న ముఖం చూసింది.

"కళ్లు మూయండి. ఈ రెప్ప మీద ఎప్పటినుంచి?"

ఎడమ కంటి రెప్ప మీద కొంచెం ముదురుగా, పొట్టుగా ఉంది. నేను రెండు రోజులుగా ఆ మనిషి ఎదురుగా కూర్చుని చేతులు చూస్తున్నాను. ముఖం చూడలేదు.

"అదా, నిద్రలేక అనుకున్నానండీ" అన్నాడు నాన్న.

"అలా అనుకోవడం మానేస్తే మా పని సగం తగ్గుతుంది" అని ఆవిడ ఒక చిన్న బ్లేడుతో వేలి పక్కనుంచి పొట్టు గీకి, గాజు పలక మీద వేసి, పక్కగదికి తీసుకెళ్లింది. మేం పదిహేను నిమిషాలు గోడ మీద గడియారం చూస్తూ కూర్చున్నాం. వచ్చి చెప్పింది. "గీకిన దాంట్లో ఫంగస్ కనిపించలేదు. గజ్జి పురుగు చేసే దారులూ లేవు, ఇంట్లో వాళ్లకీ ఏం లేదు. అంటుకునేది కాదు ఇది."

"మరి ఏంటండీ?" అన్నాడు నాన్న.

"నాకొక అనుమానం ఉంది. అనుమానాన్ని కాగితం మీద రాయను. చేతులు కాస్త కుదుటపడ్డాక వీపు మీద చిన్నచిన్న పట్టీలు అంటిస్తాం. ఒక్కోదాంట్లో ఒక్కో పదార్థం, అందులో మీరు వాడే రంగుల్లో ఉండేవి కూడా. రెండు రోజులు ఉంచి తీస్తాం, మళ్లీ రెండు రోజులకు ఇంకోసారి చూస్తాం. ఏ పట్టీ కింద దద్దురు లేస్తుందో చూసి అప్పుడు చెప్తా. అప్పటిదాకా రంగు ముట్టుకోవద్దు, కొత్తగా రంగేసిన జుట్టు కూడా. షాంపూలు, నురగ, తడిపని వద్దు. పొడిజుట్టు కత్తెర పని చేసుకోవచ్చు. ఈ ట్యూబు ఎవరిచ్చారు?"

"సగం డా..." అని నాన్న నాలుక కరుచుకున్నాడు. "మందుల షాపాయన."

ఆవిడ ట్యూబును రెండు వేళ్లతో ఎత్తి చూసి, చెత్తడబ్బాలో పడేసింది. ఆ శబ్దం నాకు చాలా బాగుంది. వేరే మందు రాసి, వేళ్లకు ఎంత, ఎన్ని రోజులో, రెప్ప మీద దాన్ని ఎందుకు రాయకూడదో విడిగా చెప్పింది. తర్వాత షాపు కోసం నాలుగు వాక్యాలు రాసి ముద్ర వేసింది.

శుక్రవారం పొద్దున మామయ్య ఆ కాగితాన్ని దూరంగా, దగ్గరగా, మళ్లీ దూరంగా పెట్టి చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు.

"పేరేది?"

"ఏం పేరు?" అన్నాను.

"రోగం పేరు! ఇందులో పేరే లేదు. ఏం డాక్టరమ్మా ఆవిడ? గజ్జి కాదంటే మరి ఏదో ఒకటి అవ్వాలిగా?"

"అంటుకునేది కాదని రాసింది మామయ్యా. నువ్వడిగిన కాగితం అదే."

"జనానికి నేనేం చెప్పను? ఏదో ఉంది కానీ పేరు లేదని చెప్పనా? దానికంటే గజ్జే నయం, కనీసం అందరికీ తెలుసు." కాగితాన్ని మడిచి మళ్లీ విప్పాడు. "పైగా రంగు వద్దు, షాంపూ వద్దు, నురగ వద్దు. ఇంకేం మిగిలింది బావా నీకు? అర కుర్చీ."

ఆయన బాధ నాకప్పుడు అర్థమైంది. ఆయనకు మా నాన్న చేతుల మీద కోపం లేదు. తను అందరి ముందూ పెట్టిన పేరును ఒకావిడ నాలుగు వాక్యాల్లో చెరిపేసి, బదులుగా ఇంకో పేరు కూడా ఇవ్వకుండా పంపింది. ఖాళీ చేతులతో ఏం మాట్లాడాలో ఆయనకు రాదు.

నాన్న తన కుర్చీ మీద గుడ్డ దులిపాడు. అప్పుడే కటింగ్‌కి ఎవరో కొత్తాయన లోపలికొచ్చాడు, భుజాన సంచితో, తొందరలో ఉన్నట్టు. మామయ్య కుర్చీలో అప్పటికే ఒకరున్నారు. కొత్తాయన నాన్న కుర్చీ వైపు నడిచి, నాన్న వేళ్ల మీది కట్టు చూసి ఆగాడు.

మామయ్య గొంతు సవరించుకున్నాడు. ఈసారి ఏ పేరు రాబోతోందో అని నేను పళ్లు బిగించాను. నాన్నే ముందు మాట్లాడాడు. చేతులు జేబుల్లో దాచుకోకుండా, రెండూ ఆయన ముందు చాపి, ఇటూ అటూ తిప్పి.

"ఈ రెండు వేళ్లకి పొట్టు లేస్తోందండీ. ఇక్కడ పగిలింది, మందు రాసి కట్టు కట్టాను. ఏడు వారాలైంది. నిన్న డాక్టర్ భూతద్దం పెట్టి చూసింది, అంటుకోదని రాసిచ్చింది, కాగితం ఆయన చేతిలో ఉంది. షేవింగ్ చెయ్యను, రంగు వెయ్యను. కటింగ్ చేస్తాను."

"ఏంటది, జబ్బా?" అన్నాడు కొత్తాయన.

"పేరు ఇంకా తెలీదండీ. తెలిశాక చెప్తాను."

కొత్తాయన మామయ్య వైపు చూశాడు. మామయ్య చేతిలో కాగితం ఉంది. నోరు తెరిచే ఉంది. అందులోంచి ఈసారి ఏ పేరూ రాలేదు.

"చెవుల మీద కొంచెం తగ్గించండి. బస్సుకి టైమవుతోంది" అని ఆయన సంచి కింద పెట్టి కూర్చున్నాడు.